ఆరిన తెర వెనక తిరిగిన మీటరు

కోపంతో వచ్చిన మనిషి బిల్లును ఎన్ని మడతలు పెట్టాడో చూసి ఆ కోపం ఎంత లోతైనదో చెప్పగల విద్య ఒకప్పుడు పిన్నికి ఉండేది. టెలిఫోను కార్యాలయంలో కిటికీ వెనక కూర్చున్న రోజుల్లో అబ్బిన విద్య అది. ఒక్క మడతతో తెచ్చినవారికి సందేహం మాత్రమే ఉన్నట్టు. చిన్న పొట్లంలా మడిచి, గుప్పిట్లో చెమటకు తడిపి తెచ్చినవారి ఇంట్లో ఆ బిల్లు మీద అప్పటికే ఒక గొడవ జరిగిపోయినట్టు. ఇప్పుడు కిటికీ లేదు, కాగితమూ లేదు. చెవులకు తగిలించుకునే ఫోను, ఎదురుగా ఒక తెర, చల్లటి గదిలో వరుసగా బల్లలు. ఆ మడతలను ఆమె గొంతుల్లో వెతుక్కోవలసి వస్తోంది.

ఆమెను ఆ గదిలో అందరూ బిల్లుల పిన్ని అంటారు. వయసులో అందరికన్నా పెద్దది, బిల్లు మీద వచ్చిన తగవు ఏదైనా చివరికి ఆమె బల్లకే చేరుతుంది. ఆ రెండూ కలిసి ఆ పేరు స్థిరపడింది. ఆమె పనిచేసే కంపెనీ చిన్న వ్యాపారాలవారి వీడియోలనూ ఫైళ్లనూ తన యంత్రాలలో దాచి, ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు ఇంటర్నెట్ మీద పంపుతుంది. నెలకు ఇంత అని ఒక రుసుము. ఆ రుసుములో కొంత పరిమాణం వరకు పంపడం కలిసే ఉంటుంది. అది దాటితే, దాటిన ప్రతి జీబీకీ విడిగా ధర కడతారు. ఆ ధర మామూలు ధరకన్నా కాస్త ఘాటుగానే ఉంటుంది. ఒకే వీడియోను వందసార్లు చూస్తే వందసార్లు పంపినట్టే లెక్క. ఈ చివరి మాట చాలామందికి బిల్లు వచ్చేదాకా తెలియదు.

పిన్నికి పనిలో ఒక పట్టింపు ఉంది. "మీరు వాడారు" అని ఆమె నోట రాదు. "మీటరు తిరిగింది" అంటుంది. పక్క బల్లల పిల్లలు దాన్ని అనుకరించి నవ్వుకుంటారు కూడా. ఆమె మాత్రం ఆ మాట మార్చదు. మీరు వాడారని అన్న మరుక్షణం అవతలివారు తమను తాము కాపాడుకోవడంలో పడతారనీ, మీటరు తిరిగిందంటే ఎందుకు తిరిగిందో చూడడానికి తనతో కలిసి వంగుతారనీ ఆమె అనుభవం. ఇంట్లో అత్తగారు మాత్రం ఈ సూక్ష్మాలను లెక్కచేయదు. కోడలు చెప్పులు విప్పీవిప్పకముందే, "ఇవాళ ఎంతమంది తిట్టారే?" అని అడుగుతుంది. తిట్ల సంఖ్యను బట్టి ఆ పూట టీలో చక్కెర వేస్తుంది. భర్త పోయిన ఇంట్లో ఆ ఇద్దరూ ఒకరికొకరు అలా అమరిపోయారు.

ఆ రోజు వచ్చిన గొంతులో కోపం లేదు. అదే పిన్నిని భయపెట్టింది. నిలకడైన, ఆరిపోయిన గొంతు. ఎన్ని మడతలు వేశాక అలా అవుతుందో పిన్నికి తెలుసు.

"నేను ఒక ఫిజియోథెరపీ కేంద్రం నడుపుతున్నానండీ. కీళ్ల నొప్పులవాళ్లకి వ్యాయామాలు నేర్పుతాం. ఆ వీడియోలు మీ దగ్గర పెట్టాం. పొద్దున్న బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. ప్రతినెలా పోయేదానికి ఎనిమిది రెట్లు పోయింది."

"బిల్లు చూస్తున్నానండీ, డాక్టరు గారూ," అంది పిన్ని. కార్డు వివరాలు అడిగి, బిల్లు కడుతున్నది ఆమేనని సరిచూసుకుంది. "నిజమే. నెలవారీ రుసుము మామూలుగానే ఉంది. మిగతాదంతా పరిమితి దాటినందుకు పడింది. అంతకుముందు నెలల మీద దాదాపు పది రెట్లు మీటరు తిరిగింది."

"తిరిగింది సరే. నేను డబ్బు వెనక్కి ఇమ్మని అడగటం లేదు. నాకు ఒక్క మాట చెప్పండి చాలు. ఆ ఖాతా ఎవరి పేరుమీద ఉంది?"

పిన్ని చూసింది. ఖాతా కేంద్రానిదే. దాన్ని తెరిచిన వ్యక్తిగా ఒక పేరు ఉంది, ఆ పేరుకు ఎదురుగా నెలంతటి వాడకమూ నిలువుగా పేర్చి ఉంది.

"మా మరిదే కదా?" అంది అవతలి గొంతు. "నాకు తెలుసు. ఆ కంప్యూటర్లన్నీ వాడే చూస్తాడు. మా కేంద్రం వెనక గదిలోనే పడుకుంటాడు. రాత్రుళ్లు ఎవరెవరినో పోగేసి సినిమాలు చూస్తున్నాడని చుట్టుపక్కలవాళ్లు చెప్తూనే ఉన్నారు. ఇదివరకు ఒక కొట్టు పెట్టి, ఉన్నదంతా ఊడ్చేశాడు. ఆయన తమ్ముడు కదా అని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నా. ఇవాళ మాకు సెలవు. వాడు మరమ్మతుకి ఇచ్చిన మా చికిత్స యంత్రం తీసుకురావడానికి వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడు. వాడి బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టాను. వాడే వాడాడని మీరొక్క మాట అంటే, నేను మావారికి చెప్పుకోగలను. లేకపోతే నా తమ్ముణ్ణి వెళ్లగొట్టావని జీవితాంతం అంటారు."

పిన్ని తెర మీది పేరును మళ్లీ చూసింది. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. అది అబద్ధం కాదు, నియమాలకు విరుద్ధమూ కాదు. ఎదురుగా గోడ మీద బోర్డులో ఆమె పేరు పక్కన నిమిషాలు పసుపు నుంచి ఎరుపుకు మారుతున్నాయి. పర్యవేక్షకుడు కుర్చీని చక్రాల మీద దొర్లించుకుంటూ వచ్చాడు. ప్రతి పిలుపు ఎంతసేపు సాగిందో కొలవడమే ఉద్యోగమైన ఆ యువకుణ్ణి అందరూ గడియారం అంటారు, అతని ఎదుట కూడా.

పిన్ని మాట వినపడకుండా ఫోను ఆపింది.

"పేరు చదివేసి వదిలెయ్యండి పిన్నిగారూ," అన్నాడు గడియారం. "ఆవిడ అడిగింది అదేగా. ఎరుపులోకి వెళ్లిపోయారు మీరు."

"పేరు చదవడానికి నేనెందుకు నాయనా? ఆవిడకి చదువు రాదా?"

"మరి?"

"ఆవిడ పేరు అడగడం లేదు. తీర్పు అడుగుతోంది." పిన్ని ఫోను మళ్లీ కలిపింది. "డాక్టరు గారూ, ఒక మాట వినండి. అద్దె ఇంట్లో కరెంటు మీటరు ఎవరి పేరుమీద ఉంటుంది?"

"ఇంటాయన పేరుమీద."

"మరి అద్దెకున్నవాళ్లు రాత్రంతా దీపాలు వెలిగిస్తే ఇంటాయన వెలిగించినట్టా? ఇదీ అంతే. ఖాతా తెరిచినవాళ్ల పేరు ఇక్కడ ఉంటుంది. ఎవరు చూసినా, మీ దగ్గరికొచ్చే ముసలమ్మ తన ఇంట్లో మోకాలి వ్యాయామం చూసినా, ఆ పేరు కిందే పడుతుంది. నాకు అరగంట ఇవ్వండి. ఎవరన్నది నేను చెప్పలేకపోవచ్చు. ఎక్కణ్ణుంచి, ఎప్పుడు, ఏది అన్నది చెప్పగలను."

"బ్యాగు అక్కడే ఉంటుంది," అని జవాబు వచ్చింది.

గడియారం తల పట్టుకున్నాడు. "తిరిగి ఫోను చేస్తానన్నారా? ఆ లెక్క ఎక్కడ చూపించాలి నేను?"

"నీ బోర్డు మీద ఎర్రరంగు అయిపోతే చెప్పు. మా అత్తగారి దగ్గర కుంకుమ ఉంది," అంది పిన్ని, వాడకపు నివేదిక తెరుస్తూ.

నెల మొత్తంగా చూస్తే ఏమీ తెలియదు. పెద్ద అంకె మనిషిని భయపెడుతుందే కాని ఏమీ చెప్పదు. అందుకని పిన్ని ఎప్పుడూ నెలను రోజులుగా, రోజును గంటలుగా విడగొట్టి, గీతగా గీయించి చూస్తుంది. మనుషులు వాడే ఏ గీత అయినా ఊపిరి తీసినట్టు ఉంటుంది. పొద్దున లేస్తుంది, మధ్యాహ్నం కాస్త కుంగుతుంది, సాయంత్రం ఎగసి, రాత్రికి నేలకు పడుకుంటుంది. ఈ కేంద్రానికి అంతకుముందు నెలలన్నీ అలాగే ఉన్నాయి. రోగులు తమ ఇళ్లలో వ్యాయామాలు చూసుకున్న చిన్నచిన్న గుట్టలు. కిందటి నెల మొదటివారం నుంచి మాత్రం ఆ గుట్టల కింద ఒక చదునైన మెట్టు లేచింది. గంటగంటకూ ఒకే ఎత్తు. అర్ధరాత్రి ఎంతో, మిట్టమధ్యాహ్నం అంతే. కేంద్రం మూసి ఉండే సెలవురోజున గుట్టలు తగ్గాయి, మెట్టు తగ్గలేదు.

ఆ మెట్టు ఏ ఫైలుదో చూసింది. ఒక్కటే ఫైలు. పేరు 'మోకాలు'. పావుగంట నిడివి. ఎవరు అడిగి తెప్పించుకుంటున్నారో చూసింది. ఒక్కటే ఇంటర్నెట్ చిరునామా. ఆ చిరునామా ఎక్కడిదో తెలుసుకోవడానికి ఆమె ఎక్కువ శ్రమపడనక్కరలేకపోయింది. ఆ ఉదయం డాక్టరమ్మ కేంద్రంలోని కంప్యూటరు మీద బిల్లు తెరిచి చూసినప్పుడు నమోదైన చిరునామా కూడా అదే.

పిన్ని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మీటరు తప్పు తిరగలేదు. బయటివారెవరూ దొంగిలించలేదు. రాత్రంతా ఆ కేంద్రంలోంచే వెళ్తోంది. రాత్రంతా ఆ కేంద్రంలో ఉండేది ఆ మరిది ఒక్కడే. ఆ కుర్రవాణ్ణి నిందలోంచి బయటపడేద్దామని వెతికితే సాక్ష్యం తిన్నగా అతని మంచం దగ్గరికే నడిచింది.

ఇంకొక విషయం కూడా ఆమె కంట పడింది. కొత్త నెల మొదలై రెండుమూడు రోజులే అయింది. అప్పుడే ఈ నెలకు కలిసి వచ్చే పరిమాణంలో మూడోవంతు కరిగిపోయింది. ఆమె ఆలోచిస్తూ కూర్చున్నంతసేపూ అక్కడ మీటరు తిరుగుతూనే ఉంది. ఆమె ఫోను చేసింది.

"దొరికిందా?" అంది డాక్టరమ్మ.

"ఎక్కణ్ణుంచో దొరికిందండీ. మీ కేంద్రం లోపలినుంచే. పగలూ రాత్రీ."

"చెప్పానా లేదా!" ఆ ఆరిన గొంతులో మొదటిసారి మంట లేచింది. "రాత్రి అక్కడ వాడు తప్ప ఇంకెవరుంటారు? ఇంకేం కావాలి నాకు? థాంక్సండీ, ఉంటాను."

"ఉండండి, ఉండండి. ఏం చూశారో కూడా వినాలి కదా? రాత్రంతా నడిచింది మీ మోకాలి వ్యాయామం."

"ఏంటీ?"

"మోకాలు అనే వీడియో. అయిపోగానే మళ్లీ మొదలు. మళ్లీ మొదలు. నెలరోజులు. మీ మరిదికి మోకాళ్ల నొప్పులా?"

"వాడికా? వాడికి ఇరవైనాలుగేళ్లు!"

"అదే కదా. సినిమా అయితే నేనూ నమ్ముదును. స్నేహితుల్ని పోగేసి, తెల్లవార్లూ మోకాలు మడవడం, చాపడం చూస్తారా ఎవరైనా? పైగా మధ్యలో ఎక్కడా తెంపు లేదండీ. మనిషన్నాక మంచినీళ్లకైనా లేస్తాడు, కునుకైనా తీస్తాడు. ఇది లేవలేదు, తియ్యలేదు. ఇది మనిషి పని కాదు, ఏదో యంత్రం. ఆ వీడియో మీ దగ్గర ఎక్కడైనా దానంతట అది ఆడుతుందా?"

"మా వాళ్లు కూర్చుని ఎదురుచూసే గదిలో టీవీ ఉంది. దాంట్లో పెడతాం. కానీ అది పగలే. సాయంత్రం నేనే ఆపుతాను. నా చేత్తో నేనే ఆపి, తాళం వేసి ఇంటికొస్తాను. ఆ పని వాడికి ఎప్పుడూ వదల్లేదు."

"దేనితో ఆపుతారమ్మా?"

"రిమోట్‌తో."

పిన్ని కుర్చీలో ముందుకు జరిగింది. "ఇప్పుడు ఎక్కడున్నారు?"

"కేంద్రంలోనే. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నా."

"టీవీ ఆపి ఉందా?"

"నిన్న సాయంత్రం నుంచీ ఆపే ఉంది. తెర నల్లగా ఉంది."

"దాని దగ్గరికి వెళ్లండి. వెనక చెయ్యి పెట్టి చూడండి. ఏదైనా చిన్న పెట్టెలాంటిది తగులుతుందేమో."

అడుగుల చప్పుడు, ఏదో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. గడియారం కూడా, తనకు తెలియకుండానే, పిన్ని కుర్చీ వెనకకు వచ్చి నిలుచున్నాడు.

"ఉంది," అంది డాక్టరమ్మ. గొంతు తగ్గింది. "సబ్బుబిళ్లంత ఉంది. వెచ్చగా ఉంది. అన్నం వండిన గిన్నెలా వెచ్చగా ఉంది. దాని మీద చిన్న దీపం వెలుగుతోంది."

"అదేనమ్మా. రిమోట్‌తో ఆపితే టీవీ తెర ఆగుతుంది. ఆ పెట్టెకి వేరే ప్లగ్గు, దాన్ని ఎవరూ ఆపలేదు. అది రాత్రంతా మా దగ్గర్నుంచి వీడియో తెప్పించుకుని, నల్లటి తెరకి చూపిస్తూనే ఉంది. చూసేవాళ్లు ఉన్నారా లేరా అన్నది దానికీ తెలియదు, మా మీటరుకీ తెలియదు. ఆ పెట్టె రాకముందు ఎలా చూపించేవారు?"

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. అంతకుముందు వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక గుచ్చేవారట. కిందటి నెల మొదట్లో అది పాడైంది. సరిగ్గా ఆ పూట గది నిండా జనం. ఏదో ఒకటి చేసి వెంటనే బొమ్మ రప్పించమని ఆమే మరిదిని తొందరపెట్టింది. అతను ఆ చిన్న పెట్టె తెచ్చి తగిలించి, వీడియో లింకు పెట్టి, అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా చేసి ఇచ్చాడు. ఆ రోజు ఆమె అతన్ని మెచ్చుకుంది కూడా.

"తేడా ఇప్పుడు అర్థమైందా అమ్మా?" అంది పిన్ని. "పెన్‌డ్రైవ్‌లో ఉన్నది బిందెలో పట్టిపెట్టుకున్న నీళ్లు. ఎన్నిసార్లు ముంచుకున్నా కొళాయి తిరగదు. లింకు అంటే కొళాయి కింద గ్లాసు పెట్టి తాగడం. తాగిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది. కొళాయి కట్టకుండా ఇంటికెళ్తే రాత్రంతా తిరుగుతుంది. మీకొక సంగతి చెప్తాను వినండి, ఇది పగలు మాత్రమే నడిపినా పరిమితి దాటేస్తుంది. కాబట్టి కొత్త పెన్‌డ్రైవ్ కొని అందులోనే వేసుకోండి. ముందు ఆ పెట్టె ప్లగ్గు పీకెయ్యండి."

ప్లగ్గు ఊడిన చప్పుడు వచ్చింది.

"పోయింది. దీపం పోయింది," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత వచ్చిన మాట ఫోనులోకి కాదు, ఎవరూ లేని గదిలోకి. "అంటే రోజూ నేనే..."

"మీరేం చేశారమ్మా? తెర నల్లబడితే ఆగిందనే కదా ఎవరైనా అనుకుంటారు. పెట్టె ఆగలేదు, అంతే."

"అది నిజంగా ఇదేనని మీరు చూసి చెప్పగలరా? ఇప్పుడు ఆగిందా మీ దగ్గర?"

పిన్నికి ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అవునని చెప్పాలని ఉంది, కాని తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటు లేదు. "ఇప్పుడే చెప్పలేనండీ. లెక్క నా దాకా రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. సాయంత్రం చూడాలి."

"సాయంత్రం వాడు వచ్చేస్తాడు."

"అవును."

"ఇంకో మాట. ఇంతైతే, పరిమితి దాటుతోందని మీరు ముందే చెప్పొద్దా? అలా ఊరుకుంటారా?"

ఈ ప్రశ్నకు పిన్ని దగ్గర జవాబు ఉంది, అది ఇవ్వడమే కష్టంగా ఉంది. "చెప్పాం. ముప్పాతిక దాటాక ఒకసారి, నిండాక ఒకసారి మెయిల్ వెళ్లింది. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన చిరునామాకి వెళ్లింది. అది ఎవరూ తెరిచినట్టు లేదు. చాలామంది ఖాతా కోసం ఒక చిరునామా పుట్టించి, దాన్ని మర్చిపోతారండీ."

"అది వాడి తప్పే."

"మర్చిపోవడం వాడిది. తొందర మీది. పరిమితి నిండగానే దానంతట ఆగిపోయేలా చేసే ఏర్పాటు ఒకటుంది. అది మేం ముందే పెట్టి ఇవ్వం, అడిగితేనే పెడతాం. అది మాది. ఎవరికి ఎంత పంచుతారో మీ ఇష్టం."

అవతల నవ్వులాంటిదేదో వినిపించి ఆగిపోయింది. డాక్టరమ్మ, "సాయంత్రం ఫోను చెయ్యండి," అని పెట్టేసింది.

గడియారం ఇంకా అక్కడే ఉన్నాడు. "మా ఇంట్లో కూడా అలాంటి పెట్టె ఉంది పిన్నిగారూ," అన్నాడు.

"అయితే ఆవిడకి తగ్గింపు రాయడానికి నువ్వే సంతకం పెడతావు."

కారణం దొరికి, ఆ కారణం ఆగిపోయిన చోట, పరిమితి దాటిన మొత్తంలో సగం వరకు ఒక్కసారికి మాఫీ చేసే వీలు కంపెనీలో ఉంది. అంతకుమించి లేదు, మీటరు నిజంగానే తిరిగింది, పంపినదంతా నిజంగానే పంపారు. పిన్ని ఆ విజ్ఞప్తిని తయారుచేసింది. కారణం రాసే గడిలో చాలామంది 'వినియోగదారు పొరపాటు' అన్న సిద్ధమైన మాటను ఎంచుకుంటారు. ఆమె దాన్ని ఎంచుకోకుండా, 'టీవీ ఆపిన తర్వాత దానికి తగిలించిన పెట్టె వీడియోను తెప్పించుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆపివేశారు' అని పూర్తి వాక్యం రాసింది. గడియారం చదివి, ఏదో అనబోయి, సంతకం పెట్టాడు.

మధ్యాహ్నమంతా ఇతర పిలుపులు వచ్చాయి. ఒకాయన తన కూతురి పెళ్లి వీడియోను బంధువులందరూ చూసినందుకు పడిన బిల్లు గురించి అడిగి, చివరికి బంధువుల్ని తిట్టి పెట్టేశాడు. పిన్ని ప్రతి పిలుపుకూ మధ్య ఆ కేంద్రం గీతను తెరిచి చూస్తూనే ఉంది. గీత పొద్దుటి గంటల దగ్గరే ఆగి ఉంది. పని ముగిసే వేళకు కూడా అలాగే ఉంది. పక్క బల్లల పిల్లలు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. ఆమె ఇంటికి ఫోను చేసి, ఆలస్యమవుతుందని చెప్పింది.

"ఎవరైనా బాగా తిట్టారా?" అంది అత్తగారు ఆశగా.

"ఇంకా తెలియదత్తయ్యా."

ఊడ్చేవాళ్లు వచ్చి ఆమె కాళ్ల చుట్టూ ఊడ్చారు. అప్పుడు గీత కదిలింది. కొత్త గంట ఒకటి వచ్చి చేరింది. మెట్టు సగానికి తెగి ఉంది. ఆ వెంటనే ఇంకొక గంట చేరింది. అందులో మెట్టు లేదు. ఎవరో రోగి తన ఇంట్లో భుజం వ్యాయామం చూసుకున్న చిన్న గుట్ట ఒక్కటే, నేల మీద, ఒంటరిగా ఉంది. పిన్ని ఆ గుట్టను చూసి, దూరపు చుట్టాన్ని చూసినంత సంతోషపడింది.

కేంద్రానికి ఫోను చేసింది. ఎత్తింది డాక్టరమ్మ కాదు. ఆయాసపడుతున్న మగగొంతు.

"హలో, ఎవరండీ? ఒక్క నిమిషం, చేతిలో బరువుంది... ఆఁ, చెప్పండి. ఇవాళ మాకు సెలవండీ."

అతను వచ్చేశాడు. గుమ్మం దగ్గర బ్యాగును చూసే ఉంటాడు. తాను ఆలస్యం చేసింది. "వీడియోల కంపెనీ నుంచి, బాబూ. మీ వదినగారు ఉన్నారా?"

"ఉన్నారండీ. బట్టలు ఉతుకుతున్నారు, చేతులు ఖాళీ లేవు. నాతో చెప్పండి. ఆ పనులన్నీ నేనే చూస్తాను."

"బట్టలా? కేంద్రంలోనా?"

"అదేనండీ నాకూ అర్థం కావట్లేదు!" అతను నవ్వాడు. "నేనొచ్చేసరికి నా బ్యాగు గుమ్మం దగ్గరుంది. ఇదేంటి వదినా అంటే, నీ బట్టలు మాసిపోయాయి, ఉతుకుదామని సర్దానంది. ఉతికినవి కూడా మళ్లీ ఉతికేస్తోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. నాకు భయంగా ఉందండీ, ఏం చేయించబోతోందో ఏమో."

లోపలినుంచి నీళ్ల చప్పుడు మీదుగా ఒక కేక వచ్చింది. "ఎవర్రా ఫోను?"

"వీడియోలవాళ్లంట వదినా! బిల్లు గురించేమో!"

నీళ్ల చప్పుడు ఆగింది. తడిచేతుల మధ్యకు ఫోను మారిన చప్పుడు. డాక్టరమ్మ గొంతు చాలా దగ్గరగా, చాలా చిన్నగా వినిపించింది.

"మీరు చెప్పకముందే తీసేశానండీ. బ్యాగు. మధ్యాహ్నమంతా ఆ టీవీ ముందే కూర్చున్నా. సాయంత్రం దాకా ఆగాలనే అనుకున్నా. వాడు ఆ యంత్రాన్ని భుజం మీద మోసుకుంటూ వస్తుంటే కిటికీలోంచి కనపడింది. ఆటో డబ్బులు మిగులుతాయని నడిచొచ్చాడట. ఇక ఆగలేదు, తీయబోతుండగానే వాడు గుమ్మంలోకి వచ్చేశాడు."

"మీటరు ఆగిందమ్మా," అంది పిన్ని. "ఆ పెట్టే. అనుమానం లేదు. దాటినదాంట్లో సగం వచ్చే బిల్లుల్లో సర్దుతాం. మిగతా సగం తప్పదు. పరిమితి నిండితే ఆగిపోయే ఏర్పాటు పెట్టమంటారా?"

"పెట్టండి. ఆ మెయిళ్లు కూడా నా చిరునామాకి మార్చండి. వాడికీ ఒకటి వెళ్లనివ్వండి." గొంతు ఇంకా తగ్గించి, "బిల్లు ఎంతొచ్చిందో మాత్రం వాడికి ఇప్పుడే చెప్పకండి," అంది. "భోంచేశాక నేను చెప్తాను. పెట్టె సంగతి, రిమోట్ సంగతి అన్నీ చెప్తాను. ముందు చెబితే తిండి మానేస్తాడు వెధవ."

దూరం నుంచి ఆ కుర్రవాడి గొంతు వినిపించింది. "వదినా, ఈ చొక్కా నేను ఇప్పుడు వేసుకునున్నదే కదా, దీన్నెందుకు విప్పమంటున్నావు?"

"మాట్లాడకుండా విప్పు!" అని డాక్టరమ్మ కేకవేసి, ఫోను పెట్టేసింది.

పిన్ని చెవుల నుంచి ఫోను తీసి, తెర ఆపింది. ఆపి లేవబోయి, మళ్లీ వంగి, బల్ల కింద ఉన్న ప్లగ్గు దగ్గర మీట కూడా నొక్కింది. ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు అడిగిన ప్రశ్నకు ఎవరూ తిట్టలేదని జవాబు చెప్పి, చప్పటి టీ తాగింది.